ఒకే నాన్స్ రెండుసార్లు వాడితే: కీ దొరకకుండానే మిర్చి ధరలు బయటపడే తీరు

ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని ఇంతవరకు ఎవరూ ఛేదించలేదు. 128 బిట్ల కీని ఊహించడం ఎవరి తరమూ కాదు. అయినా ఏఈఎస్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశాలను కాగితం, పెన్సిలు పట్టుకుని చదవగలిగే పరిస్థితి ఒకటి ఉంది. నాన్స్ అంటే ఒక కీతో ఒక్కసారే వాడవలసిన సంఖ్య. ఒకే కీతో, ఒకే నాన్స్‌తో రెండు సందేశాలు పంపితే చాలు. అది ఎలా జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణను బైటు బైటుగా విప్పి చూద్దాం. తర్వాత మీ సొంత ప్రోగ్రామ్‌లో ఈ లోపం ఉందో లేదో పరీక్షించడం, ఉంటే సరిచేయడం.

ముందుగా లోపల జరిగే పని

ఏఈఎస్‌ను వాడే పద్ధతుల్లో సీటీఆర్ ఒకటి. దానిలో ఏఈఎస్ అసలు మీ సందేశాన్ని ముట్టుకోదు. నాన్స్ పక్కన ఒక లెక్కింపు సంఖ్యను చేర్చి 16 బైట్ల దిమ్మె తయారు చేసి, దాన్ని కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. లెక్కింపు సంఖ్యను ఒకటి పెంచి మళ్లీ అదే పని చేస్తుంది. అలా వరుసగా వచ్చే బైట్లే కీస్ట్రీమ్. సందేశంలోని ప్రతి బైటునూ కీస్ట్రీమ్‌లో ఎదురుగా ఉన్న బైటుతో ఎక్సార్ చేస్తే పంపవలసిన బైటు వస్తుంది. ఛాఛా20, సాల్సా20 వంటి స్ట్రీమ్ సైఫర్లు కూడా కీస్ట్రీమ్‌ను వేరే దారిలో పుట్టిస్తాయి గానీ చివరి పని ఇదే.

ఎక్సార్‌కు ఒక గుణం ఉంది: ఒకే విలువతో రెండుసార్లు చేస్తే అది రద్దయిపోతుంది. డీక్రిప్షన్ జరిగేది ఆ గుణం వల్లే, కొంప మునిగేదీ ఆ గుణం వల్లే. కీ, నాన్స్ రెండూ మారకపోతే కీస్ట్రీమ్ `KS` కూడా మారదు. అప్పుడు:

```
C1 = P1 ⊕ KS
C2 = P2 ⊕ KS
C1 ⊕ C2 = P1 ⊕ P2
```

మూడో వరుసలో కీ లేదు, ఏఈఎస్ లేదు. మిగిలింది రెండు మూల సందేశాల ఎక్సార్ మాత్రమే. కీని 256 బిట్లకు పెంచినా ఈ మూడో వరుస మారదు.

ఉదాహరణ

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణం నుంచి విజయవాడ వన్‌టౌన్‌లోని కార్యాలయానికి ధరలు పంపే చిన్న ప్రోగ్రామ్ ఉందనుకుందాం. దుకాణమూ ధరలూ ఊహించినవే. ప్రతి సందేశం `రకం:తేజ;ధర:15500` రూపంలో ఉంటుంది. ధర క్వింటాకు రూపాయల్లో. రాసినవారు ఇలా రాశారు:

```python
from cryptography.hazmat.primitives.ciphers import Cipher, algorithms, modes
import os

key = os.urandom(16)
nonce = bytes(16)          # ఇక్కడే తప్పు

def enc(text):
    e = Cipher(algorithms.AES(key), modes.CTR(nonce)).encryptor()
    return e.update(text.encode("utf-8")) + e.finalize()
```

కీ నిజంగానే యాదృచ్ఛికం. నాన్స్ మాత్రం ఎప్పుడూ పదహారు సున్నాలు. పక్క దుకాణం వ్యాపారి అదే వైఫైలో కూర్చుని ఈ సందేశాలను పట్టుకుంటున్నాడు. కీ అతని దగ్గర లేదు. సందేశం రూపం మాత్రం తెలుసు, ఎందుకంటే అదే ప్రోగ్రామ్‌ను ఒకప్పుడు అతనూ వాడాడు. రూపం తెలియడాన్ని తేలిగ్గా తీసుకోకండి. నిజజీవితంలో దాడి చేసేవారికి దాదాపు ఎప్పుడూ తెలిసే విషయం అదే.

మొదటి మెట్టు: రెండింటినీ ఎక్సార్ చేయడం

అతను పట్టుకున్న మొదటి సందేశం 32 బైట్లు, రెండోది 38 బైట్లు. సీటీఆర్ పద్ధతి పొడవును దాచదు కనుక ఇది చూడగానే తెలుస్తుంది. మొదటి 32 బైట్లను ఎక్సార్ చేస్తే వచ్చేది ఇదీ:

```
00 00 00 00 00 00 00 00 00 00
00 00 08  00 01 39  00 00 3d
db
50 0f 47  50 27 8b  da
81 92 d5 80 80
```

మొదటి పది సున్నాలు రెండు సందేశాలూ ఒకేలా మొదలవుతున్నాయని చెబుతున్నాయి. `రకం:` అన్నది సరిగ్గా పది బైట్లే.

తర్వాతి వరుసను చదవాలంటే తెలుగు కంప్యూటర్‌లో ఎలా నిల్వ ఉంటుందో గుర్తు చేసుకోవాలి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అన్నీ విడివిడి సంకేతాలే. మొదటి బైటు ఎప్పుడూ `e0`. రెండోది `b0` గానీ `b1` గానీ. అసలు భేదమంతా మూడో బైటులో ఉంటుంది, అది `80` నుంచి `bf` లోపే. అంటే తెలుగు సంకేతం మీద తెలుగు సంకేతం సరిగ్గా పడితే ఎక్సార్‌లో ముందు `00`, తర్వాత `00` లేదా `01`, ఆపైన `3f` దాటని ఒక విలువ వస్తాయి. పై రెండో వరుసలో ఆ నమూనా మూడుసార్లు కనిపిస్తోంది. దాడి చేసేవాడి కోణంలో తెలుగు మహా ఉదారమైన భాష: మూడు బైట్లలో రెండు ముందే చెప్పేస్తుంది.

ఇక `db`. తెలుగు బైట్లన్నీ `80` లేదా అంతకు పైన, ఆంగ్ల అంకెలూ గుర్తులూ `80`కి దిగువ ఉంటాయి. కాబట్టి ఎక్సార్ విలువ `80` గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒక వైపు తెలుగు, మరో వైపు అంకె లేదా గుర్తు ఉందని అర్థం. మొదటి సందేశంలో రకం పేరు మూడు సంకేతాలకే ముగిసి, అక్కడ `;` వచ్చిందని అనుమానించవచ్చు. `;` విలువ `3b`. `db ⊕ 3b = e0`. తెలుగు సంకేతం మొదటి బైటు! అనుమానం అక్కడికక్కడే రుజువైంది.

రెండో మెట్టు: ధర చదవడం

రెండో సందేశం పొడవు 38. రకం పేరు కాక మిగతా అంతా, ధర అయిదంకెలదైతే, 23 బైట్లు. కనుక రెండో పేరు 15 బైట్లు, అంటే అయిదు సంకేతాలు. దాని తర్వాత `;`, ఆపైన `ధర:` రావాలి. మొదటి సందేశం ధర ఉన్న చివరి అయిదు బైట్లకు ఎదురుగా రెండో సందేశంలో ఏముందో లెక్క వేయండి: `ధర` అనే పదంలోని చివరి అయిదు బైట్లు, `b0 a7 e0 b0 b0`. అవి అందరికీ తెలిసినవే.

```
   81 92 d5 80 80
⊕  b0 a7 e0 b0 b0
=  31 35 35 30 30      →  1 5 5 0 0
```

రకం పేరేమిటో ఇంకా తెలియదు, ధర మాత్రం చేతికి వచ్చేసింది. ఊహించిన పదం కూడా ఒక్కటీ లేదు. రూపం, పొడవు, ఒక తీసివేత లెక్క, అంతే.

మూడో మెట్టు: పేర్లు

ఇదే పనిని తిరగేయాలి. మొదటి సందేశంలో పేరు తర్వాత వచ్చే `;ధర` మనకు తెలుసు. దానికి ఎదురుగా రెండో పేరులోని చివరి రెండు సంకేతాలు ఉన్నాయి. `db 50 0f 47 50 27`ను `3b e0 b0 a7 e0 b0`తో ఎక్సార్ చేస్తే `e0 b0 bf e0 b0 97` వస్తుంది. అది "ిగ". అయిదు సంకేతాలతో, "ిగ"తో ముగిసే మిర్చి రకం ఏదని గుంటూరు యార్డులో టిక్కీలు మోసేవారిని అడిగినా చెబుతారు: బాడిగ. ఆ పేరులోని మొదటి మూడు సంకేతాలను రెండో వరుసతో ఎక్సార్ చేస్తే మొదటి పేరు తేలుతుంది: తేజ.

"ిగ" దొరక్కపోయి ఉంటే ఏం చేసేవాడు? పేర్ల జాబితా పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించేవాడు. తప్పు పేరు తనంతట తానే బయటపడుతుంది. ఉదాహరణకు సన్నం కూడా అయిదు సంకేతాలదే. దాన్ని పెట్టి చూస్తే మొదటి సందేశంలో ముందు "ర" వస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. రెండో స్థానంలో మాత్రం `e0 b1 91`, అంటే U+0C51 వస్తుంది. యూనికోడ్‌లో ఆ స్థానానికి ఏ తెలుగు గుర్తూ కేటాయించలేదు. ఆ ఊహ అక్కడే చచ్చిపోయింది. ఇలా తెలిసిన ముక్కను జరుపుతూ పెట్టి చూడడం పాత పద్ధతే. ఒకసారి వాడి పారేయవలసిన కీ పుటలను సోవియట్ గూఢచార శాఖలు మళ్లీ వాడినప్పుడు అమెరికావారు ఆ సందేశాలను విప్పినదీ ఈ మూల సూత్రంతోనే. వెనోనా అన్న పేరుతో ఆ పని 1943 నుంచి 1980 దాకా సాగింది.

దొరకనిది ఏమిటి

రెండో సందేశం ధర 33వ బైటు తర్వాత ఉంది. మొదటి సందేశం 32 బైట్లకే ఆగిపోయింది. ఎదురుగా ఏమీ లేదు కనుక ఆ ధర దొరకదు. అతను కాస్త ఆగాలి. 44 బైట్ల సందేశం ఒకటి వస్తే, పేరు ఏడు సంకేతాలదని పొడవే చెబుతుంది. ఆర్మూర్ రకం అయి ఉండవచ్చు. దానిలోని `ధర` పదం సరిగ్గా రెండో సందేశం ధర మీద పడుతుంది. ఆ చోట ఎక్సార్ `81 94 d8 80 80` వస్తే ధర 13800. మూడో సందేశం ధర కోసం ఇంకా పొడవైన నాలుగోది రావాలి.

ఆ ఓపిక కూడా ఎక్కువ రోజులు అక్కర్లేదు. మొదటి సందేశం పూర్తిగా తెలిసింది కనుక `KS = C1 ⊕ P1`. ఆ 32 బైట్ల కీస్ట్రీమ్‌తో, ఈ కీ మార్చేదాకా ఆ దుకాణం పంపే ప్రతి తేజ ధరనూ ఏ ఊహా లేకుండా నేరుగా చదవవచ్చు. చదవడమే కాదు, `రకం:తేజ;ధర:12500` అని తానే రాసి, అదే కీస్ట్రీమ్‌తో ఎక్సార్ చేసి విజయవాడకు పంపవచ్చు. అక్కడి ప్రోగ్రామ్‌కు తేడా తెలియదు. ఒక అంకె మార్చడానికైతే నాన్స్ పునరావృతం కూడా అవసరం లేదు. సందేశం దారిలో మారలేదని రుజువు చేసే ప్రామాణీకరణ ముద్ర ఉత్త సీటీఆర్‌కు లేకపోవడమే చాలు.

ముద్ర ఉంటే కాపాడుతుందా

"అందుకే మేం జీసీఎమ్ వాడుతున్నాం" అనేవారు చాలామంది. జీసీఎమ్ అంటే సీటీఆర్‌కు ప్రామాణీకరణ ముద్రను చేర్చినది. నాన్స్ మళ్లీ వాడితే పైన చూసినదంతా దీనిలోనూ జరుగుతుంది, దానిపైన ఇంకో నష్టం కూడా. ముద్రను లెక్కించే రహస్య విలువ `H` కీ మీదే ఆధారపడుతుంది, నాన్స్ మీద కాదు. ఒకే నాన్స్‌తో వచ్చిన రెండు ముద్రలను ఎక్సార్ చేస్తే నాన్స్‌కు సంబంధించిన భాగం రద్దయి, `H` ఒక్కటే తెలియని బహుపది సమీకరణం మిగులుతుంది. దాని మూలాలు కొన్నే ఉంటాయి. వాటిలోంచి అసలు `H`ను ఏరుకున్నవాడు ఆ కీతో పోయే ఇతర సందేశాలను కూడా మార్చి సరైన ముద్ర వేయగలడు. ఒక్కసారి జరిగిన పొరపాటు ఆ కీ ఉన్నంతకాలం వెంటాడుతుంది. ఛాఛా20-పాలీ1305లో ముద్ర కీ ప్రతి నాన్స్‌కూ కొత్తగా పుడుతుంది కనుక నష్టం ఆ నాన్స్‌కే పరిమితం.

ఇది పుస్తకాల్లోని భయం కాదు. 2016లో పరిశోధకులు ఇంటర్నెట్‌ను గాలిస్తే జీసీఎమ్ నాన్స్‌లను మళ్లీ వాడుతున్న హెచ్‌టీటీపీఎస్ సర్వర్లు 184 దొరికాయి.

పునరావృతం ఎక్కడి నుంచి వస్తుంది

పదహారు సున్నాలు రాసేవారు తక్కువే. మిగతావారి దగ్గర ఇది కాస్త మర్యాదగా, దాక్కుని వస్తుంది.

నాన్స్‌ను లెక్కపెట్టి పెంచుతారు కానీ ఆ లెక్క మెమరీలోనే ఉంటుంది. ఎండాకాలం కరెంటు పోయి వస్తే యంత్రం మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. కీ మాత్రం ఫైలులో భద్రంగా ఉంటుంది. పాత వైఫై రక్షణ డబ్ల్యూఈపీలో కొన్ని కార్డులు సరిగ్గా ఇలాగే చేసేవి. ఆ పద్ధతిలో నాన్స్ స్థానంలో ఉన్న సంఖ్య 24 బిట్లదే కావడం మరో దౌర్భాగ్యం: యాదృచ్ఛికంగా ఎంచినా దాదాపు 4,800 ప్యాకెట్లకే ఏదో ఒకటి రెండోసారి రావడానికి సగానికి సగం అవకాశం. 2017లో బయటపడ్డ క్రాక్ దాడిలో, మరో వైఫై రక్షణ డబ్ల్యూపీఏ2 వాడే పరికరం చేత అదే కీని మళ్లీ అమర్చుకునేలా చేస్తే నాన్స్ లెక్క మొదటికి వచ్చేది.

వర్చువల్ యంత్రాన్ని పాత స్నాప్‌షాట్‌కు తిప్పినా లెక్క వెనక్కి పోతుంది. గుంటూరు యంత్రానికీ విజయవాడ యంత్రానికీ ఒకే కీ ఇచ్చి, రెండూ సున్నా నుంచి లెక్కపెట్టినా అంతే. రాకకు, పోకకు ఒకే కీ వాడినా అదే గతి.

ఇంకొకటి చాలామంది కళ్లకు కనబడదు. పై కోడులో `modes.CTR` అడిగే 16 బైట్లు నిజానికి నాన్స్ కాదు, మొదటి లెక్కింపు దిమ్మె. దానిని సందేశానికి ఒకటి చొప్పున పెంచితే అంతా కొత్తదే అనిపిస్తుంది. కానీ 32 బైట్ల మొదటి సందేశం 0, 1 దిమ్మెలను వాడుతుంది. 38 బైట్ల రెండోది 1, 2, 3 దిమ్మెలను వాడుతుంది. 1వ దిమ్మె రెండింటిలోనూ ఉంది. పునరావృతం పోలేదు, 16 బైట్లు పక్కకు జరిగింది.

మీ దగ్గర ఉందో లేదో కనుక్కోవడం

అన్నిటికంటే తేలిక పరీక్ష: ఒకే సందేశాన్ని రెండుసార్లు పంపించి ఫలితాలు పోల్చండి. తర్వాత యంత్రం కరెంటు తీసి, మళ్లీ పెట్టి ఇంకోసారి పంపండి. ఎక్కువ లోపాలు బయటపడేది ఈ రెండో పరీక్షలోనే, చాలామంది చేయనిదీ అదే.

మూల సందేశాలు చేతిలో లేకపోతే, పట్టుకున్న ఎన్‌క్రిప్ట్ బైట్ల మీదే ఇది నడపండి:

```python
def same(a, b):
    return sum(x == y for x, y in zip(a, b))

print(same(c1, c2))         # నేరుగా
print(same(c1[16:], c2))    # ఒక దిమ్మె జరిపి
```

నాన్స్, ముద్ర సందేశంతో పాటే వస్తుంటే ముందు వాటిని తీసేయండి. కీస్ట్రీమ్‌లు వేర్వేరైతే ఒక స్థానంలో రెండు బైట్లు కలిసే అవకాశం 256లో ఒకటి. 32 బైట్లలో ఒక్కటైనా కలిసే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒకటి. మన ఉదాహరణలో 15 కలిశాయి. దిమ్మె జరిగిన సందర్భంలో రెండు సందేశాల వేర్వేరు భాగాలు ఎదురుపడతాయి కనుక సంఖ్య ఇంత పెద్దగా ఉండదు. చాలా సందేశాల జతల మీద నడిపి సగటు చూడాలి. ఎన్‌క్రిప్షన్‌కు ముందు సందేశాన్ని కుదించే వ్యవస్థల్లో ఈ పరీక్ష ఏమీ చూపించకపోవచ్చు. అది లోపం లేదని కాదు, నమూనా మసకబారిందని మాత్రమే. అక్కడ పంపిన నాన్స్‌లను కీ వారీగా లాగ్‌లో రాసి, రెండోసారి వచ్చినవాటిని వెతకడమే దారి.

సరిచేయడం

స్వేచ్ఛ ఉంటే, నాన్స్ గురించి మీరు ఆలోచించనక్కర్లేని లైబ్రరీకి మారండి. `PyNaCl`లో 24 బైట్ల నాన్స్‌ను అదే యాదృచ్ఛికంగా ఎంచి, సందేశం ముందు చేర్చి, ముద్ర కూడా వేస్తుంది:

```python
from nacl.secret import SecretBox
from nacl.utils import random

box = SecretBox(random(SecretBox.KEY_SIZE))
c = box.encrypt("రకం:తేజ;ధర:15500".encode("utf-8"))
```

24 బైట్లంటే 192 బిట్లు. అంత విశాలమైన స్థలంలో యాదృచ్ఛికంగా ఎంచిన రెండు కలుస్తాయన్న దిగులు అక్కర్లేదు. అయితే ఆ యాదృచ్ఛికత నిజమైనదై ఉండాలి. చిన్న మైక్రోకంట్రోలర్లలో ప్రతిసారీ ఒకే విత్తనంతో మొదలయ్యే జనరేటర్ ఉంటే 24 బైట్లూ ప్రతిసారీ అవే వస్తాయి.

జీసీఎమ్‌తోనే ఉండక తప్పకపోతే నాన్స్ 12 బైట్లు. యాదృచ్ఛికంగా ఎంచేటట్లయితే ఒక కీతో 2^32 సందేశాలు, అంటే సుమారు 429 కోట్లు, దాటకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నియమం. యార్డు ధరలకు అది సరిపోయి మిగులుతుంది. లెక్కపెట్టే పద్ధతి కావాలంటే మొదటి 4 బైట్లు యంత్రం సంఖ్య, తర్వాతి 8 బైట్లు లెక్క:

```python
nonce = dev_id.to_bytes(4, "big") + n.to_bytes(8, "big")
```

ఈ లెక్కను సందేశం పంపాక కాదు, పంపకముందే డిస్కు మీద రాయాలి. ప్రతిసారీ రాయడం భారమైతే ఒకేసారి వెయ్యి సంఖ్యలను కేటాయించుకుని "999 దాకా నావి" అని రాసిపెట్టండి. మధ్యలో 340 దగ్గర కరెంటు పోతే, తిరిగి వచ్చాక 1000 నుంచి మొదలుపెట్టాలి. 660 సంఖ్యలు వృథా అయ్యాయని బాధపడనక్కర్లేదు. 8 బైట్లలో సంఖ్యలకు కరువు లేదు. స్నాప్‌షాట్‌లకు తిప్పే యంత్రమైతే ఈ డిస్కు లెక్కను కూడా నమ్మలేం. అక్కడ మొదలైన ప్రతిసారీ కొత్త కీ పుట్టించుకోవడం మేలు.

పునరావృతం జరగదని హామీ ఇవ్వలేని చోట ఏఈఎస్-జీసీఎమ్-ఎస్ఐవీ ఉంది; ఆర్‌ఎఫ్‌సీ 8452గా 2019లో వచ్చింది. దానిలో నాన్స్ మళ్లీ వచ్చినా, రెండు సందేశాలు అచ్చంగా ఒకటేనా కాదా అన్నదే బయటపడుతుంది. ధరల విషయంలో అదీ చిన్న సమాచారం కాదు: మధ్యాహ్నం తేజ ధర ఉదయంలాగే ఉందని తెలిసిపోతుంది.

కోడు మార్చిన రోజే కీ కూడా మార్చండి. పాత కీని కొత్త నాన్స్ పద్ధతితో కొనసాగిస్తే, పాత సున్నాల నాన్స్ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ తగలవచ్చు. జీసీఎమ్ అయితే `H` ఈపాటికే పోయి ఉండవచ్చు. ఇదివరకు పంపిన సందేశాలను ఏ మార్పూ వెనక్కి తీసుకురాలేదు. ఎవరైనా వాటిని పట్టుకుని దాచి ఉంటే పై మూడు మెట్లు ఎప్పుడైనా ఎక్కవచ్చు. కనుక ఆ కాలంలో పోయిన ధరలు, ఖాతాదారుల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఏవున్నా బయటపడ్డట్టే లెక్కగట్టి, మార్చగలిగిన పాస్‌వర్డ్‌లను ముందుగా మార్చండి.